రొయ్యలు పడని తమ్ముడికి భోజనం: బతాలో మా వంటగది నేర్చుకున్న పాఠం

ఈ వారం ఎపిసోడ్‌లో నేను చెప్పిన శుక్రవారం భోజనం కథ విన్నవాళ్లు చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఆ వంట వరసంతా రాసి పెట్టు, మా రూమ్‌లో గోడకి అంటించుకుంటాం" అని. మాట్లాడేటప్పుడు కొన్ని దాటేశాను. ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

మాది కోనసీమ. రియాద్‌లో ఒక కేటరింగ్ కిచెన్‌లో పదకొండేళ్లుగా పని. ఇల్లు బతాలో, పాత బిల్డింగ్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ రోజుల్లో మా ఆవిడా, పాపా విజిట్ వీసా మీద వచ్చి ఉన్నారు. ఇల్లు ఇల్లులా ఉన్నప్పుడు నలుగురినీ పిలిచి అన్నం పెట్టాలనిపిస్తుంది కదా. మాతో పాటు వ్యాన్ నడిపే జగిత్యాల తమ్ముడిని కూడా పిలిచాను. అతను ముందే చెప్పాడు: "అన్నా, నాకు రొయ్యలు పడయ్. తింటే ఊపిరాడది." నేను సరే అన్నాను. అతని ప్లేటులో ఒక్క రొయ్య కూడా వేయలేదు. అయినా ఆ రాత్రి అతన్ని అంబులెన్స్‌లో తీసుకెళ్లారు.

ఏం జరిగిందంటే, మధ్యాహ్నం మేము రొయ్యల వేపుడు చేసుకున్నాం. నూనె బాగానే ఉంది కదా అని వడకట్టి స్టీలు డబ్బాలో పోసి ఉంచాం. సాయంత్రం అదే నూనెలో మిరపకాయ బజ్జీలు వేశాం. తమ్ముడు రెండు తిన్నాడు. పావుగంట తర్వాత పెదాలు దురద అన్నాడు. చేతుల మీద దద్దుర్లు లేచాయి. గొంతు బొంగురు పోయింది, ఒకసారి వాంతి అయింది, తర్వాత ఊపిరి పీల్చుతుంటే ఈల వేసినట్టు చప్పుడు. బజ్జీలో శనగపిండి, మిరపకాయ, వాము తప్ప ఇంకేమీ లేవు. తప్పంతా నూనెది. అంటే నాది.

రొయ్యలు పెట్టకపోవడం వేరు, రొయ్య తగలకుండా చూడటం వేరు. వంట నా వృత్తే అయినా ఆ తేడా నాకు ఆ రోజు దాకా సరిగా తెలియదు.

బాగా వేగితే పోతుంది కదా?

పోదు. మనలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కడుపు నొప్పి తెప్పించే క్రిములు వేడికి చస్తాయి. ఎలర్జీ తెప్పించేది క్రిమి కాదు. అది రొయ్య కండలో ఉండే ఒక ప్రోటీన్. దాని పేరు ట్రోపోమయోసిన్. ఉడికించినా, వేయించినా అది చెక్కుచెదరదు.

ఈ సంగతి కనిపెట్టడంలో మన దేశం వాళ్ల చెయ్యి పెద్దది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు గారి బృందం మన తీరంలో దొరికే తెల్ల రొయ్యని ఉడికించి, వేడికి కూడా పోని ఎలర్జీ పదార్థాన్ని అందులోంచి విడదీసి 1989లో ప్రకటించింది. అది ట్రోపోమయోసినే అని 1993లో అదే బృందం అమెరికా పరిశోధకులతో కలిసి తేల్చింది. మధ్యలో 1990లో అమెరికాలోని పరిశోధకులు ఇంకో విషయం చూపించారు. రొయ్యలు ఉడికించిన నీళ్లలోకి కూడా ఆ ప్రోటీన్ దిగుతుంది. రొయ్యలు తీసేసినా నీళ్లలో అది ఉంటుంది.

ఇప్పుడు వంటింటి వైపు చూడండి. నీళ్లలోకి దిగేది పులుసులోకి దిగదా? నూనెలో రాలిన పిండి ముక్కలతో ఉండిపోదా? వడకట్టు గుడ్డ పెద్ద ముక్కల్ని ఆపుతుంది. కంటికి కనపడని పొడిని ఆపలేదు. "కూరలోంచి రొయ్యలు ఏరేసి పులుసు మాత్రం పోస్తాను" అనడం కూడా ఇందుకే పనికిరాదు.

వాసన చూసి తేల్చుకోవడం కూడా కుదరదు. నిమ్మచెక్క రుద్దితే నీచు వాసన పోతుంది, ప్రోటీన్ అక్కడే ఉంటుంది. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది కానీ ప్రోటీన్‌ని చేతి మీద నుంచి తీసెయ్యదు. దాన్ని తీసెయ్యాలంటే సబ్బు పెట్టి రుద్ది, పారే నీళ్ల కింద కడగాలి. టబ్బులో నీళ్లు పోసి అన్ని గిన్నెలూ అందులోనే ముంచి తీస్తే రొయ్యల గిన్నె మీదది మిగతా వాటికి అంటుతుంది.

పిలిచేటప్పుడే అడగవలసినవి

రెండు నెలల తర్వాత తమ్ముడిని మళ్లీ పిలిచాను. వస్తాడో రాడో అనుకున్నాను. "వస్త అన్నా, కానీ ఈసారి నేను అడిగినయన్నీ చెప్పాలె" అన్నాడు. నిజానికి అడగాల్సింది నేను. ఫోన్‌లోనే నాలుగు సంగతులు తెలుసుకున్నాను.

మొదటిది, ఏమేమి పడవు. అతనికి రొయ్యలతో పాటు పీతలు కూడా మానెయ్యమని డాక్టర్ చెప్పారట. రొయ్య, పీత, లాబ్‌స్టర్ మూడింటిలోనూ ట్రోపోమయోసిన్ దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే ఒకటి పడనివాళ్లకి మిగతావీ పడకపోవడం మామూలే. నత్తలు, ఆల్చిప్పలు, స్క్విడ్ సంగతి మనిషిని బట్టి మారుతుంది, అడగాలి. చేపది వేరే ప్రోటీన్. రొయ్య పడని చాలామంది చేప తింటారు. ఈ తమ్ముడూ తింటాడు.

రెండోది, ఎంత తగిలితే వస్తుంది. మూడోది, పక్కన వండుతుంటే ఆవిరికి కూడా ఇబ్బంది పడతాడా. రొయ్యలు ఉడికేటప్పుడు ఆవిరితో పాటు ఆ ప్రోటీన్ గాలిలోకి లేస్తుంది, కొందరికి అది పీల్చినా దగ్గు, ఆయాసం వస్తాయి. నాలుగోది, మందు దగ్గర ఉందా, ఎక్కడ పెట్టుకుంటాడు. ఆ రాత్రి తర్వాత అతనికి డాక్టర్ ఎడ్రినలిన్ పెన్ రాశారు. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఈ నాలుగూ అడగడానికి మొహమాటపడకండి. "ఏమీ కాదులే, కొంచెం తింటే అలవాటవుతుంది" అనే పెద్దలు మన ఇళ్లలో ఉంటారు. ఇంట్లో తినిపించి అలవాటు చేసే జబ్బు కాదు ఇది. పోయినసారి దద్దుర్లతో ఆగింది కాబట్టి ఈసారీ అంతే అనుకోవడానికీ లేదు.

ఆ రోజు ఇంట్లో రొయ్యలే వద్దు

మా ఆవిడ ముందు అనుకున్నది వేరు. "మనకి రొయ్యల ఇగురు, అతనికి విడిగా చికెన్" అంది. పెద్ద హోటల్ కిచెన్‌లో అలా చెయ్యొచ్చు. అక్కడ వేరే స్టవ్, వేరే కత్తి, వేరే మనిషి ఉంటారు. మా బతా వంటగదిలో రెండు బర్నర్లు, ఒక సింకు, ఒకే జత చేతులు. అందుకే ఒక్క మాట మీదకి వచ్చాం: బుధవారం రాత్రి నుంచి శుక్రవారం భోజనం అయ్యేదాకా ఇంట్లోకి రొయ్య రాకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ కలిపినా ఈ ఒక్కదానంత పని చెయ్యవు.

రొయ్య అంటే తాజా రొయ్య ఒక్కటే కాదని గోదావరి వాళ్లకి చెప్పక్కర్లేదు. రొయ్యపొట్టు మా ఇంట్లో గోంగూరలో ఉంటుంది, వంకాయలో ఉంటుంది, ఒక్కోసారి ఉత్త కారప్పొడిలో కూడా ఉంటుంది. ఊరి నుంచి అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసాలో ఏముందో ఫోన్ చేసి అడిగితేనే తెలిసింది. బతాలో కేరళ సరుకుల షాపుల్లో కొబ్బరితో కలిపిన ఎండు రొయ్యల చమ్మంతి పొడి దొరుకుతుంది, చూడటానికి మామూలు కొబ్బరి కారంలా ఉంటుంది. ఫిలిప్పీన్స్ సరుకుల షాపుల్లో రొయ్యల ముద్ద, థాయ్ కర్రీ పేస్టులు, రొయ్యల రుచి నూడిల్స్, రొయ్యల చిప్స్ ఉంటాయి. పాకెట్ మీద పదార్థాల జాబితా చదవాలి. చదవడం రాకపోతే ఆ పాకెట్ ఆ రోజుకి కొనొద్దు. షాపు అతన్ని అడగాలంటే అరబీలో రొయ్యని రుబ్యాన్ అంటారు, ఈజిప్టు వాళ్లు గంబరీ అంటారు. ఎలర్జీని హసాసియ్య అంటారు.

చేప తింటాడు కదా, చేపల పులుసు పెడదామా అనుకున్నాను. మానేశాను. చేపల అంగడిలో చేపలూ రొయ్యలూ పక్కపక్కనే ఐసు మీద ఉంటాయి, ఒకే బల్ల మీద ఒకే కత్తితో బాగుచేస్తారు. మా ఇంట్లో ఎంత శుభ్రం చేసినా ఆ కత్తి నా చేతిలో ఉండదు. చికెన్ తెచ్చాను, అది కూడా కోడి మాత్రమే అమ్మే షాపు నుంచి.

గురువారం రాత్రి: వంటగది కడగడం

ఫ్రీజర్ ముందు చూశాను. పాత రొయ్యల కవరు ఒకటి ఉంది, దాని నుంచి కారిన నీళ్లు అరలో గడ్డకట్టి ఉన్నాయి. ఆ కవరు పక్క రూమ్ వాళ్లకి ఇచ్చేసి, అర బయటికి తీసి సబ్బుతో కడిగాను.

తర్వాత గిన్నెలు. స్టీలు, గాజు నునుపుగా ఉంటాయి, సబ్బుతో రుద్దితే వదిలేస్తాయి. గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, చెక్క గరిటె, కత్తి గాట్లు పడ్డ ప్లాస్టిక్ కట్టింగ్ బోర్డు, నూనె పట్టి నల్లబడ్డ ఇనుప మూకుడు, ఈ నాలుగూ పక్కన పెట్టేశాను. వాటి సందుల్లో ఏముందో కడిగినవాడికి కూడా తెలియదు. కూరగాయలు స్టీలు ప్లేటు బోర్లించి దాని మీద తరిగాం. పాత్రలు తోమే స్పాంజి కొత్తది తీశాం. గట్టు తుడిచే గుడ్డ కూడా ఆ రోజుకి లేదు. సబ్బు నీళ్లతో గట్టు, కుళాయి పిడి, ఫ్రిజ్ పిడి, స్టవ్ నాబ్‌లు తుడిచి, తడి టిష్యూతో ఇంకోసారి తుడిచి, ఆ టిష్యూ పారేశాం. సింకుని అన్నిటికంటే ముందు కడగాలి. మురికి సింకులో కడిగిన గిన్నె శుభ్రం కాదు.

ఇక మిక్సీ జార్. బ్లేడు కింద, మూత రబ్బరు కింద పొడి చిక్కుకుంటుంది. మేము రొయ్యపొట్టు కొట్టింది ఆ జార్‌లోనే. అందుకే అల్లం వెల్లుల్లి చిన్న స్టీలు రోట్లో దంచింది మా ఆవిడ.

ఎవరికీ తట్టనిది పోపుల డబ్బా. రొయ్యలకి ఉప్పు, పసుపు, కారం పట్టించేటప్పుడు మనం ఏం చేస్తాం? అదే చేత్తో ఇంకో చిటికెడు కారం తీస్తాం. ఆ చెయ్యి డబ్బాలో పడగానే డబ్బా అంతా అనుమానం కిందికి వస్తుంది. పొడిని కడగలేం కదా. బకాలాలో చిన్న కారం పాకెట్, పసుపు, ఉప్పు, ధనియాల పొడి, చిన్న నూనె సీసా కొత్తవి తెచ్చాను. మిగిలినవి తర్వాత ఇంట్లోకే పనికొస్తాయి, కాబట్టి ఖర్చు కూడా వృథా కాదు.

శుక్రవారం: వంట, వడ్డన

తమ్ముడిది తెలంగాణ కాబట్టి బగారా అన్నం, కోడికూర, టమాటా పప్పు, పెరుగు పచ్చడి అనుకున్నాం. వేపుడేమీ పెట్టుకోలేదు. అందరికీ ఇదే భోజనం. అతనికి విడిగా ఏదో పెట్టి, మనం ఇంకేదో తింటుంటే అతనికి చిన్నతనంగా ఉంటుంది, పొరపాటుకీ చోటుంటుంది.

వంట మొదలుపెట్టే ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాం, ఉతికిన బట్టలు కట్టుకున్నాం. వాడిన ప్రతి పాకెట్ గట్టు మీదే ఒక మూల ఉంచాను. వచ్చాక తమ్ముడు వాటిని చూసుకుంటాడని. నిజంగానే చూశాడు. ఒక్కో పాకెట్ తిప్పి చదివి, "మంచిగున్నయ్" అన్నాడు. నాకు చిన్నతనం అనిపించలేదు. అతని ప్రాణం, అతను చూసుకోవాలి.

సరిగ్గా వడ్డించే వేళకి తలుపు కొట్టారు. కింది అంతస్తులో ఉండే మా భీమవరం బాబాయి గారు. చేతిలో మూత పెట్టిన స్టీలు బాక్స్. "అమ్మాయి వచ్చిందని రొయ్యల వేపుడు చేయించానురా" అన్నారు. అంత ప్రేమగా తెచ్చినదాన్ని కాదనడం ఎంత కష్టమో మీకు తెలుసు. నేను గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను: "బాబాయి గారూ, లోపల తమ్ముడికి రొయ్య తగిలితే ఊపిరి ఆగిపోతుంది. పోయినసారి నా వల్లే హాస్పిటల్ పాలయ్యాడు. బాక్స్ మూత తియ్యకుండా మీ ఇంట్లోనే ఉంచండి, రేపు మధ్యాహ్నం నేనే వచ్చి తింటాను." ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. తర్వాత కిందకి వెళ్లి, బాక్స్ పెట్టేసి, చేతులు కడుక్కుని, చొక్కా కూడా మార్చుకుని వచ్చారు. చొక్కా మార్చుకోమని నేను చెప్పలేదు.

ఆయన ఇంట్లోకి తేకుండా మనమే బాక్స్ తీసుకుని వంటగదిలో ఒక మూల పెడితే సరిపోయేదా? మూత ఉన్నంతసేపు పర్వాలేదేమో. కానీ భోజనం మధ్యలో ఎవరో ఒకరు "కొంచెం రుచి చూద్దాం" అంటారు. ఆ గరిటే తిరిగి కోడికూరలోకి వస్తుంది.

వడ్డనలో ఇక్కడ మనకో అలవాటు ఉంది. కింద సుఫ్రా పరిచి, పెద్ద పళ్లెంలో అన్నం పోసి అందరం ఒకే చోట చెయ్యి పెడతాం. ఎలర్జీ ఉన్న మనిషి ఉన్నప్పుడు ఆ పద్ధతి వద్దు. ఎవరి చేతికి ఏముందో తెలియదు. విడి ప్లేట్లు పెట్టాం, ప్రతి గిన్నెకి ఒక గరిటె, ఆ గరిటె ఇంకో గిన్నెలోకి పోకూడదు. తమ్ముడికి అందరికంటే ముందు వడ్డించాం. వచ్చినవాళ్లందరూ చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కూర్చున్నారు. మా పాపకి ముద్దలు కలిపి పక్కవాళ్ల నోట్లో పెట్టే సరదా ఉంది. దాన్ని మా ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

తమ్ముడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మేము మాత్రం ఆ పావుగంట గడియారం చూస్తూనే ఉన్నాం. ఏమీ కాలేదు.

కోడిగుడ్డు పడనివాళ్లయితే

వరస ఇదే, దాక్కునే చోట్లు వేరు. రొయ్యలు మానెయ్యడం తేలిక, గుడ్డు కనపడకుండా ఉంటుంది. చికెన్ 65లో, మంచూరియాలో పిండి పట్టడానికి గుడ్డు కొడతారు. బిర్యానీ మీద ఉడికిన గుడ్డు పెట్టి, అతిథి వచ్చాక తీసేస్తే ఆ అన్నం శుభ్రం కాదు. బేకరీ బన్నుల మీద మెరుపు గుడ్డు పూతదే కావచ్చు. బ్రోస్టుతో ఇచ్చే తెల్ల సాస్‌లో మయోనైజ్ ఉండొచ్చు. ఆమ్లెట్ వేసిన పెనం మీద దోసె, ఎగ్ బజ్జీ వేసిన నూనెలో పకోడీ, ఇవి మన రొయ్యల నూనె కథే. గుడ్డుని అరబీలో బైద్ అంటారు.

గుడ్డులో కొన్ని ప్రోటీన్లు వేడికి మారతాయి, ఒకటి మాత్రం గట్టిగా నిలబడుతుంది. అందుకే కొందరు పిల్లలు కేక్ తిని బాగుంటారు, ఆమ్లెట్ తింటే దద్దుర్లు వస్తాయి. "కేక్ తిన్నాడు కదా, గుడ్డు కూర కూడా పెడదాం" అని మన ఇంట్లో పరీక్ష చెయ్యొద్దు. ఏది తినవచ్చో వాళ్ల డాక్టర్ చెప్పాలి. కోడి మాంసం సంగతి వేరు, గుడ్డు పడని చాలామంది అది తింటారు. అయినా అడిగే పెట్టండి.

అయినా తేడా వస్తే

మొదటి రాత్రి మేము చేసిన తప్పులు చెప్తాను, మీరు చెయ్యకండి.

దురద అనగానే ఎలర్జీ మాత్ర వేశాం, తగ్గుతుందని ఇరవై నిమిషాలు చూశాం. ఆ మాత్ర దురద, దద్దుర్లు తగ్గిస్తుంది. గొంతు వాపుని, పడిపోతున్న బీపీని ఆపలేదు. గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, ఆయాసం, కళ్లు తిరగడం, దద్దుర్లతో పాటు ఆగని వాంతులు, వీటిలో ఏది కనపడినా అది ఎడ్రినలిన్ అవసరం. పెన్ ఉంటే వెంటనే తొడ బయటి వైపు మధ్యలో గుచ్చాలి, ప్యాంటు మీద నుంచే గుచ్చొచ్చు, పెన్ మీద రాసినంతసేపు అదిమి పట్టాలి. సందేహంలో ఆగడం కంటే వేసెయ్యడమే మంచిది. ఐదు నిమిషాలైనా మార్పు లేకపోతే రెండో పెన్ ఉంటే అదీ వెయ్యాలి. పెన్ ఎలా వాడాలో భోజనానికి ముందే అతిథినే అడిగి చూపించుకోండి.

రెండో తప్పు ఇంకా పెద్దది. లిఫ్ట్ లేదని అతన్ని లేపి, భుజాలు పట్టి మూడంతస్తులు నడిపించి దించాం. బీపీ పడిపోతున్న మనిషిని నిలబెట్టినా నడిపించినా గుండె ఆగే ప్రమాదం ఉందని హాస్పిటల్‌లో నర్సు అక్క చెప్పాక నా కాళ్లు వణికాయి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టాలి, కాళ్లు చాపి. వాంతి అవుతుంటే పక్కకి తిప్పాలి. అంబులెన్స్ వాళ్లే పైకి వస్తారు. ఒకరు కింద గేటు దగ్గర నిలబడి దారి చూపిస్తే చాలు.

సౌదీలో రెడ్ క్రెసెంట్ అంబులెన్స్ నంబరు 997. రియాద్‌లో 911 కూడా పనిచేస్తుంది. అరబీలో ఈ రెండు ముక్కలు చాలు: "ఇందహ్ హసాసియ్య" అంటే అతనికి ఎలర్జీ. "మా యిగ్దర్ యితనఫ్ఫస్" అంటే ఊపిరి ఆడటం లేదు. తర్వాత ఏరియా, వీధి, పక్కన కనపడే పెద్ద షాపు. మీ బిల్డింగ్ చిరునామా కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. కంగారులో మన ఇల్లు మనకే గుర్తురాదు. ఆ రాత్రి నాకు గుర్తురాలేదు.

పెన్ వేశాక బాగుంది కదా అని ఇంట్లో ఉండిపోకూడదు. మందు ప్రభావం తగ్గాక కొన్ని గంటలకి మళ్లీ రావచ్చు. అందుకే హాస్పిటల్‌లో చూస్తూ ఉంచుతారు.

ఆ శుక్రవారం తమ్ముడు వెళ్లేటప్పుడు మా ఆవిడ మిగిలిన కోడికూర కొత్త డబ్బాలో పెట్టి ఇచ్చింది. అతను డబ్బా తీసుకుని, ఎప్పటిలా "ఇందులో ఏమేమున్నయ్ వదినా?" అని అడిగాడు. ఆవిడ ఒక్కొక్కటీ చెప్పింది. శనివారం మధ్యాహ్నం నేను కిందకి వెళ్లి బాబాయి గారి రొయ్యల వేపుడు తిన్నాను. పైకి వచ్చే ముందు ఆయన సింకు దగ్గరే సబ్బు రుద్ది చేతులు కడుక్కున్నాను.